రొయ్యల చెరువుల వ్యాసం: ఒకరు 9, ఒకరు 14 వేశారు. స్థాయిలు ఎలా నిర్ణయించాలి?

పంటకాలువ_టీచర్:
అందరికీ నమస్కారం అండి. మండపేట దగ్గర హైస్కూల్లో తొమ్మిదో తరగతికి తెలుగు చెప్తున్నాను. ఈసారి వ్యాసాలు దిద్దడానికి వాదం, ఆధారాలు, భాష అని మూడు అంశాలు పెట్టుకుని, ఒక్కో దానికి నాలుగు స్థాయిలు రాసుకున్నాం. ఒక్కో అంశం కింద చిన్న వ్యాఖ్య కూడా రాయాలి. తీరా ఒకే వ్యాసానికి మా ఇద్దరు టీచర్ల మార్కులు 20కి 9, 14 వచ్చాయి. ప్రశ్న: "వరి చేలను రొయ్యల చెరువులుగా మార్చడం సరైనదేనా?" పిల్లవాడు రాసింది ఇదిగో. వాక్యాలకు నంబర్లు నేను వేశాను, తప్పులు ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

> (1) మన జిల్లాలో వరి చేలను రొయ్యల చెరువులుగా మార్చడం వెంటనే ఆపాలి అని నా అభిప్రాయం. (2) గోదావరి డెల్టాకు అన్నపూర్ణ అని పేరు. (3) ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1852లో పూర్తి చేశాడు. (4) మా ఊరిలో చెరువు పక్కన ఉన్న రెండు ఎకరాల చేలో నాట్లు ఎర్రబడి పోయాయి. (5) చెరువుల కోసం బోర్లు వేసి ఉప్పునీరు తోడేత్తారు. (6) పక్క వీదిలో చేతిపంపు నీళ్ళు కూడా ఉప్పగా మారింది. (7) వరి వేస్తే రైతుకు ఖర్చులు కూడా రాదు. (8) 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. (9) చెరువుకి ఇస్తే కౌలు ఎక్కువ వస్తుంది. (10) అందరికీ తెలుసు రొయ్యలు లాభం అని. (11) కాబట్టి రైతులు చెరువులు తవ్వుకోవడంలో తప్పు లేదు, ప్రబుత్వం నీటిని చూసుకోవాలి.

మేం రాసుకున్న స్థాయిలు: 4 చాలా బాగుంది, 3 బాగుంది, 2 ఫర్వాలేదు, 1 బాగోలేదు. మూడు అంశాలకూ ఇవే మాటలు. తేడా ఎక్కడొచ్చిందో చెప్పగలరా?

ఎర్రసిరా:
ఇంత గందరగోళం ఎందుకండీ. తప్పుకి అర మార్కు కోత పెట్టుకుంటే ఇద్దరికీ ఒకటే వస్తుంది. వీదిలో, ప్రబుత్వం, నీళ్ళు మారింది, ఖర్చులు రాదు, తోడేత్తారు. ఐదు తప్పులు, రెండున్నర పోయాయి. తప్పు అనేది లెక్కకి అందుతుంది. వాదం బాగుందా లేదా అన్నది ఎవరి అభిప్రాయం వాళ్ళది.

రావులపాలెం_నాన్న:
టీచర్లు ఇక్కడున్నారు కాబట్టి అడుగుతున్నానండి. మా అమ్మాయికి ఇలాంటి వ్యాసంలోనే 20కి 10 వేశారు. పేపరు మీద ఒక్క ఎర్ర గీత లేదు. తప్పు లేనప్పుడు సగం మార్కులు ఎలా పోతాయి? అడిగితే "వాదం లేదు" అన్నారట. పిల్లకి ఏం అర్థమవుతుంది?

పాత_దిద్దుబడి:
టీచరు గారూ, తేడా మీ ఇద్దరిలో లేదు. మీరు రాసుకున్న మాటల్లో ఉంది. "బాగుంది", "ఫర్వాలేదు" అన్నవి వ్యాసంలో ఏముందో చెప్పవు, చదివినవాళ్ళకి ఏమనిపించిందో చెప్తాయి. 14 వేసినవాళ్ళు బహుశా నాలుగో, ఆరో వాక్యాలు చూసి ముచ్చటపడి ఉంటారు. 9 వేసినవాళ్ళు చివరి వాక్యం దగ్గర విసిగి ఉంటారు. స్థాయి వివరణలో పేజీ మీద వేలు పెట్టి చూపించగలిగింది ఉండాలి. వాదానికి ఇలా రాసుకుని చూడండి:

స్థాయి 4: పక్షం ఏమిటో ఒక వాక్యంలో ఉంది. ఎక్కడ, ఎంతవరకు అన్న హద్దు కూడా చెప్పారు. చివరిదాకా అదే నిలబడింది.
స్థాయి 3: పక్షం స్పష్టంగా ఉంది, చివరిదాకా నిలబడింది. హద్దు చెప్పలేదు.
స్థాయి 2: పక్షం చెప్పారు, కానీ మధ్యలోనో చివరనో అది మారిపోయింది, లేదా మిగతా పేరాలు దాన్ని పట్టించుకోలేదు.
స్థాయి 1: విషయం గురించి రాశారు. ఏ పక్షమో మనమే ఊహించుకోవాలి.

స్థాయి 1లో కూడా "ఏదీ లేదు" అని రాయలేదు, చూశారా? ఆ స్థాయి పిల్లవాడు కూడా ఏదో ఒకటి చేసి ఉంటాడు, అదేమిటో రాయాలి. అలా రాయకపోతే కింది స్థాయి కాగితాలకు వ్యాఖ్య రాయడానికి ఏమీ దొరకదు.

ఇప్పుడు ఈ వ్యాసం చూడండి. ఒకటో వాక్యం "ఆపాలి" అంటోంది, పదకొండోది "తప్పు లేదు" అంటోంది. ఏడు నుంచి పది దాకా ఉన్న నాలుగు వాక్యాలూ చెరువుల పక్షాన నిలబడ్డాయి. స్థాయి 2.

లంక_లెక్చరర్:
మాస్టారూ, నాకు కాస్త అభ్యంతరం ఉంది. పదకొండో వాక్యంలో "ప్రభుత్వం నీటిని చూసుకోవాలి" అని ఉంది కదా. పిల్లవాడు రెండు వైపులా ఆలోచించి, షరతు పెట్టి ఒప్పుకుంటున్నాడని ఎందుకు అనుకోకూడదు? రెండు వైపులా చూసినవాణ్ణి స్థాయి 2లో వేసి, ఒక్క వైపే గట్టిగా అరిచినవాడికి స్థాయి 3 ఇస్తే పిల్లలు నేర్చుకునేది మొండివాదమే.

పాత_దిద్దుబడి:
మంచి ప్రశ్న మేడమ్. దీనికి ఒక పరీక్ష ఉంది. ఒకటో వాక్యం చేత్తో మూసి మిగతాది చదవండి. రచయిత ఏమంటున్నాడో ఒక్క మాటలో చెప్పండి. "చెరువులు తవ్వుకోవచ్చు" అంటారు. ఇప్పుడు పదకొండోది మూసి మొదటి సగం చదవండి. "ఆపాలి" అంటారు. ఈ రెంటినీ కలిపే వాక్యం ఎక్కడైనా ఉందా? లేదు. "పక్క చేలకు ఉప్పు ఊట పాకే చోట ఆపాలి, మిగతా చోట తవ్వుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం రాసి ఉంటే ఇదే వ్యాసం స్థాయి 4కి వెళ్ళేది. షరతు పెట్టడానికీ మాట మార్చడానికీ తేడా ఆ ఒక్క వాక్యమే. వాడి మనసులో అది ఉండొచ్చు, కానీ మనం కాగితం మీద ఉన్నదాన్నే దిద్దుతాం.

లంక_లెక్చరర్:
ఆ పరీక్ష బాగుంది, వాదం వరకు ఒప్పుకుంటున్నాను. స్థాయి 2.

చౌడునేల:
నాట్లు ఎర్రబడితే ఉప్పు వల్లే అని ఎలా అంటారండి? జింకు లోపం ఉన్నా ఆకు మీద తుప్పు రంగు మచ్చలొస్తాయి. ఉప్పు తగిలితే ముందు ఆకు కొసలు తెల్లబడి ఎండుతాయి. చెరువుల మీద తోసేయడం తేలికే. ముందు మట్టి పరీక్ష చేయించమనండి.

పంటకాలువ_టీచర్:
అండీ, ఇక్కడ చెరువుల సంగతి తేల్చడం లేదు, వ్యాసం ఎలా దిద్దాలన్నదే ప్రశ్న 🙂

పాత_దిద్దుబడి:
ఆయన దారి తప్పి వచ్చినా మనకి పనికొచ్చేదే చెప్పారు. ఆధారాల స్థాయి చూసేటప్పుడు టీచరు చేనుకి వెళ్ళి మట్టి తియ్యక్కర్లేదు. పిల్లవాడు కారణం పేరు చెప్పాడా, దాన్ని చూసినదానికి కలిపాడా అన్నదే చూడాలి. నాలుగో వాక్యంలో నాట్లు ఎర్రబడ్డాయి అన్నాడు. ఐదులో ఉప్పునీరు తోడతారు అన్నాడు. ఆ ఉప్పు ఊట గట్టు దాటి చేలోకి వచ్చిందని మాత్రం ఎక్కడా అనలేదు. ఆ ఖాళీ ఉండబట్టే చౌడునేల గారికి జింకు గుర్తొచ్చింది.

ఆధారాలకు నేను వాడే వివరణలు:

స్థాయి 4: నిర్దిష్టమైన ఆధారాలు రెండు మూడు ఉన్నాయి. ప్రతిదీ వాదాన్ని ఎలా బలపరుస్తుందో మాటల్లో చెప్పారు. ఎదుటి పక్షం ఆధారం ఒకటి ఎత్తి జవాబిచ్చారు.
స్థాయి 3: నిర్దిష్టమైన ఆధారాలు రెండు ఉన్నాయి. ఒకదానికైనా వాదంతో సంబంధం మాటల్లో చెప్పారు.
స్థాయి 2: నిర్దిష్టమైనవి ఉన్నాయి, కానీ పక్కపక్కన పెట్టి వదిలేశారు. సంబంధం పాఠకుడే కలుపుకోవాలి.
స్థాయి 1: "అందరికీ తెలుసు", "చాలామంది అంటారు" లాంటివే ఉన్నాయి.

ఈ వ్యాసంలో నాలుగు, ఆరు గట్టి ఆధారాలు. చోటు ఉంది, చూసినది ఉంది. పది స్థాయి 1 రకం. మూడో వాక్యం దగ్గర చాలామంది టీచర్లు జారిపోతారు. 1852 అన్నది నిజమే, సంవత్సరం కూడా సరిగ్గా రాశాడు, చూడగానే మార్కు వెయ్యాలనిపిస్తుంది. కానీ ఆనకట్ట ఎప్పుడు కట్టారన్నది చెరువులు ఆపాలనడానికి గానీ తవ్వుకోవచ్చనడానికి గానీ ఏ విధంగా ఆధారం? ఆ వాక్యం తీసేస్తే వాదం ఏమైనా బలహీనపడుతుందా అని చూడండి. పడదు. అది సమాచారం, ఆధారం కాదు. అదే వాక్యానికి "కాలవ నీటి కోసం అంత ఖర్చు పెట్టి తయారుచేసిన మాగాణిని ఉప్పుపాలు చేస్తున్నాం" అని తోక తగిలిస్తే ఆధారమయ్యేది.

నా లెక్కలో స్థాయి 2.

లంక_లెక్చరర్:
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. నాలుగు, ఐదు, ఆరు వరసగా చదవండి. నాట్లు పోయాయి, ఉప్పునీరు తోడతారు, చేతిపంపు *కూడా* ఉప్పగా మారింది. ఆ "కూడా" చేసే పని ఏమిటి మరి? తొమ్మిదో తరగతి పిల్లవాడు "అందువల్ల" అన్న మాట వాడకపోయినా, వాక్యాల వరసతోనే కారణం చెప్పాడు. తెలుగులో మనం అలాగే చెప్తాం. నేనైతే 3 వేస్తాను.

ఎర్రసిరా:
చూశారా, నేను చెప్పింది ఇదే. ఇద్దరు పెద్దలకే పొత్తు కుదరలేదు. తప్పుల లెక్కయితే ఈ గొడవ ఉండేది కాదు.

పాత_దిద్దుబడి:
ఎర్రసిరా గారూ, ఒక స్థాయి తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. ఇద్దరూ ఏ వాక్యం దగ్గర విడిపోయారో చూపించగలుగుతున్నారు, అది చాలు. రెండు స్థాయిలు తేడా వస్తేనే వివరణలో లోపం ఉన్నట్టు. అప్పుడు కాగితాన్ని కాదు, వివరణను దిద్దుకోవాలి.

మీ పద్ధతిలో సగం నిజం ఉంది. భాష ఒక్కదాన్నే చూస్తున్నప్పుడు లెక్క పనికొస్తుంది. అయితే తప్పులు కాదు, తప్పుల *రకాలు* లెక్కపెట్టాలి. వీది, ప్రబుత్వం రెండూ ఒకే రకం, ఒత్తక్షరం రాయాల్సిన చోట మామూలు అక్షరం రాశాడు. నీళ్ళు మారింది, ఖర్చులు రాదు ఇంకో రకం, కర్త బహువచనంలో ఉంటే క్రియ ఏకవచనంలో ఉంది. పదకొండు వాక్యాల్లో నాలుగు తప్పులు, రెండే రకాలు. అర మార్కు కోత పెడితే ఒకే విషయం తెలియనందుకు రెండుసార్లు కోసినట్టు. పైగా ఎక్కువ రాసినవాడికి ఎక్కువ కోత పడుతుంది. ఈ సంగతి పిల్లలు తొందరగానే కనిపెట్టి, ఐదు వాక్యాలు రాసి ఊరుకుంటారు.

భాషకు: తప్పులు లేకపోతే, ఒకటీ అరా ఉంటే 4. ఒకటి రెండు రకాల తప్పులు మళ్ళీ మళ్ళీ వచ్చి, అర్థం మాత్రం ఎక్కడా ఆగకపోతే 3. రకాలు ఎక్కువై, కొన్ని వాక్యాలు రెండోసారి చదవాల్సి వస్తే 2. ఎవరు ఏం చేశారో చాలాచోట్ల ఊహించుకోవాల్సి వస్తే 1. ఇది స్థాయి 3.

ఎర్రసిరా:
సరే, రకాల లెక్క ఒప్పుకుంటాను. మరి "తోడేత్తారు" సంగతేంటి? అది మూడో రకం కాదా?

లంక_లెక్చరర్:
అది తప్పు ఎలా అవుతుందండీ? ఇక్కడ ఇంట్లో అందరూ అనేదే. కర్తకీ క్రియకీ పొంతన ఉంది, కాలం సరిగ్గా ఉంది. వ్యాకరణం లేనిచోట కోత వెయ్యండి, మన యాస ఉన్నచోట కాదు. విజయవాడ వాళ్ళ "తోడేస్తారు" వ్యాకరణం, మనది దోషం అంటే ఎలా?

పాత_దిద్దుబడి:
దీన్ని దిద్దడానికి కూర్చున్నాక తేల్చుకోకూడదు, ప్రశ్న ఇచ్చేటప్పుడే తేల్చాలి. "పత్రికకు పంపే వ్యాసంలా రాయండి" అని ముందే చెప్పి ఉంటే, అక్కడ గుండ్రంగా చుట్టి "పత్రిక భాషలో ఎలా రాస్తావు?" అని అడగొచ్చు. చెప్పకపోతే ముట్టుకోవద్దు. చెప్పినా సరే, నేను దాన్ని తప్పుల రకాల్లో కలపను. పంటకాలువ గారూ, మీ ప్రశ్నలో ఏమని ఇచ్చారు?

పంటకాలువ_టీచర్:
ఏమీ చెప్పలేదండి. "వ్యాసం రాయండి" అన్నామంతే.

ఎర్రసిరా:
వ్యాసం అంటేనే రాతభాష. వేరే చెప్పాలా?

లంక_లెక్చరర్:
చెప్పాలి. తొమ్మిదో తరగతి వాడికి చెప్పకుండా తెలియాలనడం అన్యాయం.

పంటకాలువ_టీచర్:
మీ ఇద్దరి మాటా మా స్టాఫ్ రూమ్‌లో పెడతాను, అక్కడా ఇదే జరుగుతుంది 😄. మాస్టారూ, ఇంకో అనుమానం. ఎనిమిదో వాక్యం, అదే 2011 పంట విరామం, నిజంగా జరిగినదే, సంవత్సరంతో సహా రాశాడు. కానీ అది ఒకటో వాక్యానికి ఎదురు తిరుగుతోంది. దానికి ఆధారాల్లో కూడా తగ్గించాలా?

పాత_దిద్దుబడి:
వద్దు. ఎదురు తిరగడం వాదం లోపం, దానికి వాదంలో స్థాయి 2 వేసేశాం. అదే లోపానికి ఆధారాల దగ్గర మళ్ళీ శిక్ష వేస్తే మూడు అంశాలుగా విడదీసి లాభం లేదు. ఆధారాల దగ్గర అడగాల్సింది వేరు: ఇది నిర్దిష్టమా, అవును. దేనికో దానికి కలిపాడా? "వరి గిట్టుబాటు కాక రైతులు సాగే మానేశారు" అని ఏడో వాక్యానికి ముడిపెట్టలేదు. మిగతావాటిలాగే ఇదీ పక్కన పెట్టి వదిలేసినదే.

ఇలా కలిసిపోకుండా ఉండాలంటే దిద్దే వరస మార్చండి. ఒక పుస్తకం తీసి మూడు అంశాలూ పూర్తిచేసి పక్కన పెట్టకండి. మొదట కట్ట మొత్తానికి వాదం ఒక్కటే చూడండి, పెన్ను పట్టుకోకుండా. తర్వాత కట్ట కలిపేసి, ఇంకో వరసలో ఆధారాలు. భాష ఆఖర్న. భాష ముందు చూస్తే ఒత్తులు పోయిన పిల్లవాడి వాదం కూడా బలహీనంగానే కనిపిస్తుంది. దస్తూరీ బాగున్నవాడికి ఆధారాల్లో ఒక స్థాయి ఊరికే కలిసొస్తుంది.

రావులపాలెం_నాన్న:
అంటే మా అమ్మాయి పేపరులో ఎర్ర గీతలు లేకపోవడం భాష ఒక్కదానికే చెల్లుతుందన్నమాట. అది అర్థమైంది. కానీ "వాదం లేదు" అని రెండు ముక్కలు రాసి ఇస్తే పిల్ల ఏం చేస్తుంది మాస్టారూ?

పాత_దిద్దుబడి:
మీ ఫిర్యాదు న్యాయమే. వ్యాఖ్యలో రెండు పనులు ఉండాలి: పిల్ల రాసిన మాటే ఒకటి ఎత్తి చూపడం, తర్వాత చెయ్యాల్సిన పని ఒకటే చెప్పడం. పాతిక మాటలు దాటకూడదు. స్థాయి పేరు మళ్ళీ రాయనక్కర్లేదు, అది పక్కనే ఉంది. ఈ వ్యాసానికి నేనైతే ఇలా రాస్తాను:

వాదం (2): మొదట "ఆపాలి" అన్నావు, చివర "తప్పు లేదు" అన్నావు. చెరువు ఎక్కడ ఉండొచ్చో, ఎక్కడ కూడదో ఒకే వాక్యంలో రాసి మొదట్లో పెట్టు.

ఆధారాలు (2): నాట్లు, చేతిపంపు మీ ఊళ్ళో చూసి రాసినవి, గట్టివి. ఉప్పునీటి వల్ల నాట్లకు ఏమైందో ఒక వాక్యం కలుపు. ఆనకట్ట వాక్యం ఇక్కడ ఏ పని చేస్తోంది?

భాష (3): "నీళ్ళు మారింది": నీళ్ళు బహువచనం, క్రియ కూడా అలాగే ఉండాలి. ఇలాంటిదే ఇంకొకటి ఉంది, వెతికి దిద్దు.

భాష దగ్గర ఒత్తుల సంగతి ఎత్తలేదు. తెలిసే వదిలేశాను. ఒకసారి ఒక రకమే. రెండూ రాస్తే పిల్లవాడు రెండూ చదవడు. రెండో తప్పు ఎక్కడుందో చూపించకుండా వెతకమనడం కూడా అందుకే. మనం దిద్ది ఇస్తే చూసి ఊరుకుంటాడు.

లంక_లెక్చరర్:
మీ ఆధారాల వ్యాఖ్య నాకు నచ్చింది, ఒక్కటి తప్ప. "ఏ పని చేస్తోంది?" అన్న ప్రశ్న దెప్పినట్టుంది. "ఆనకట్ట సంగతిని చెరువులకు ఎలా కలపొచ్చో ఆలోచించు" అంటే వాడు ఆ వాక్యాన్ని కొట్టేయకుండా వాడుకుంటాడు. స్థాయి మాత్రం నాది 3 దగ్గరే ఉంది.

పాత_దిద్దుబడి:
మీ మాటే బాగుంది మేడమ్, అదే రాయండి. స్థాయి నాది 2 దగ్గరే ఉంది.

పంటకాలువ_టీచర్:
మరి మార్కులు? మా హెడ్మాస్టారు గారికి 20కి అంకె కావాలి. మూడు స్థాయిలూ కూడితే 12కి 7. దాన్ని 20కి మార్చితే పదకొండు, పన్నెండు మధ్య వస్తోంది.

ఎర్రసిరా:
అంతే కదండీ, త్రైరాశికమే.

పాత_దిద్దుబడి:
అలా కూడితే భాష, వాదం సమానమైపోతాయి. మీ ప్రశ్న "సరైనదేనా" అని అడుగుతోంది, అంటే మొదటి రెండింటికీ బరువు ఎక్కువ ఉండాలి. దిద్దడం మొదలుపెట్టకముందే పట్టీ రాసి గోడకి అంటించుకోండి: వాదం, ఆధారాలకు స్థాయికి 2 చొప్పున, అంటే 2, 4, 6, 8. భాషకు 1, 2, 3, 4. ఈ వ్యాసానికి 4, 4, 3 కలిపి 11. లెక్చరర్ గారి లెక్కలో ఆధారాలకు 6, మొత్తం 13. మీ 9కీ 14కీ మధ్య ఐదు మార్కుల తేడా ఉండేది, ఇక్కడ రెండే. ఆ రెండూ ఏ వాక్యం దగ్గర వచ్చాయో పిల్లవాడికి చూపించగలరు.

త్రైరాశికం చేసినా ఈ కాగితానికి దాదాపు అంతే వచ్చింది కదా అనకండి. వాదం 1, ఆధారాలు 1, భాష 4 ఉన్న కాగితం తీసుకోండి. కూడితే 12కి 6, అంటే 20కి 10. పట్టీ ప్రకారం 8. నాన్న గారి అమ్మాయి లాంటి కాగితాల దగ్గర తేడా తెలుస్తుంది.

రావులపాలెం_నాన్న:
అంటే ఈ లెక్కన మా అమ్మాయికి ఇంకా తగ్గేదా?! ఊరుకోండి మాస్టారూ, 10 చాలు.

పంటకాలువ_టీచర్:
😄 వచ్చే వారం పాత కట్టలోంచి నాలుగు కాగితాలు తీసి, పేర్లు మూసి, ఇద్దరం విడివిడిగా దిద్దుతాం. ఆధారాల దగ్గర 2కీ 3కీ మధ్య పడేవి ఎక్కువ ఉంటాయనిపిస్తోంది. ఆ వివరణలో "మాటల్లో చెప్పారు" అన్న చోట "వాక్యాల వరసతో చెప్పినా సరే" అని చేర్చాలా వద్దా అన్నది అప్పుడు చూస్తాం.

లంక_లెక్చరర్:
చేర్చండి.

పాత_దిద్దుబడి:
చేర్చకండి. ముందు ఆ నాలుగు కాగితాలు దిద్దండి.